వాలిన తలుపు

కర్నూలులో ఆగస్టు వానలు రెండు మూడు పడ్డాయంటే వడ్రంగులకు ఒకే రకం కబురు వస్తుంది. పడకగది తలుపు పైమూల ఒరుసుకుంటోంది, గట్టిగా తోస్తే తప్ప పడటం లేదు, గడియ రంధ్రంలోకి పోవడం లేదు. ఆచారి వస్తాడు. తలుపును ఒకసారి వేసి తీసి, "చెక్క ఉబ్బిందక్కా, పైన రెండు పట్లు చిత్రిక పడితే సాలు" అంటాడు. పావుగంటలో పని అయిపోతుంది, తలుపు హాయిగా పడుతుంది. దసరా వెళ్లేలోపు అదే మూల మళ్లీ ఒరుసుకోవడం మొదలవుతుంది.

ఆచారి చెప్పిన కారణం అబద్ధమేమీ కాదు. చెక్క నిజంగానే ఉబ్బుతుంది. కానీ ఒక్క పైమూలే ఒరుసుకుంటున్నప్పుడు మొదట అనుమానించాల్సింది చెక్కను కాదు, ఎదురుగా రెండో అంచున ఉన్న బందును. ఉబ్బిన తలుపుకూ వాలిన తలుపుకూ తేడా తెలియాలంటే చిత్రిక పక్కన పెట్టి, తలుపుకూ ద్వారబంధానికీ మధ్య ఉన్న సందును నాలుగు వైపులా చూడాలి.

కల్లూరులో ఇరవై ఏళ్ల కిందట కట్టిన ఇంట్లో పడకగది తలుపు ఒకటి ఉందనుకుందాం. ఎత్తు రెండు మీటర్లు, వెడల్పు తొంభై సెంటీమీటర్లు, ప్లైవుడ్ ఫ్లష్ డోర్, బరువు ముప్పై కిలోలు. పై బందు తల నుంచి ఇరవై సెంటీమీటర్ల కింద, కింది బందు నేల నుంచి ముప్పై సెంటీమీటర్ల పైన ఉన్నాయి. రెంటి మధ్య దూరం మీటరున్నర. మధ్యలో మూడో బందు కూడా ఉంటుంది గానీ, తలుపు వంపు తిరగకుండా చూడటమే దాని ముఖ్యమైన పని. వాలకుండా ఆపే భారమంతా పైదీ కిందదీ పంచుకుంటాయి.

ముప్పై కిలోల బరువూ తలుపు నడుమ, అంటే బందుల గీతకు నలభై అయిదు సెంటీమీటర్ల దూరంలో, వేలాడుతున్నట్టు లెక్క. నీళ్ల బిందెను చంకన పెట్టుకోవడానికీ చేయి చాచి పట్టుకోవడానికీ ఉన్న తేడా ఇక్కడే వస్తుంది. దూరం పెరిగేకొద్దీ ఆ బరువు తలుపును తిప్పేయాలని చూస్తుంది. ఆ తిప్పుడును ఆపడానికి పై బందు తలుపును గోడవైపు లాగి పట్టుకోవాలి, కింది బందు గోడవైపు నుంచి బయటికి నెట్టి పట్టుకోవాలి. ఎంత బలంతో? ముప్పైని నలభై అయిదుతో హెచ్చించి నూట యాభైతో భాగిస్తే తొమ్మిది. పై బందు స్క్రూలను రాత్రింబవళ్లు తొమ్మిది కిలోల బలం చెక్కలోంచి బయటికి లాగుతూనే ఉంటుంది. పిల్లవాడు పిడి పట్టుకుని ఊగాడంటే, ఇరవై కిలోల పిల్లవాడైనా ఆ లాగుడు రెట్టింపు దాటుతుంది. పిడికి తగిలించిన స్కూలు సంచీ, తలుపు వెనక కొక్కేలకు వేలాడే తడి బట్టలు కూడా ఆ ఖాతాలోకే వెళ్తాయి.

పాత మిద్దెల తలుపులు ఇంత తొందరగా ఎందుకు వాలవో ఈ లెక్కలోనే ఉంది. అవి రెండు రెక్కల తలుపులు. రెక్క బరువు సగం, దాని వెడల్పు కూడా సగమే, కాబట్టి తిప్పే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. పైగా చాలా పాత తలుపులకు ఇనుప బందులే ఉండవు. తలుపు కొయ్యకే పైనా కిందా మొనలు చెక్కి, కింది మొనను గడపలోని గుంతలో నిలబెట్టేవారు. బరువంతా గడప మోసేది. ఒంటి రెక్క తలుపు, మూడు బందులు, అంగుళం స్క్రూలు వచ్చాక ఆ బరువును చెక్కలో దిగిన మరలు మోయాల్సి వచ్చింది.

ఇప్పుడు కల్లూరు తలుపు దగ్గరికి వద్దాం. తలుపు వేసి, సందుల్లో ఒక పోస్టుకార్డు ముక్కను జార్చుకుంటూ పోతే దాని కథ తెలుస్తుంది. బిగించిన రోజున చుట్టూ మూడు మిల్లీమీటర్ల సందు ఉండేది. ఇప్పుడు గడియ వైపు పైమూలలో కార్డు దూరడమే లేదు. అదే అంచున కిందికి వస్తే సందు మూడు మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువే ఉంది. బందుల వైపు పైన సందు వెడల్పయింది, కింద సన్నబడింది. తలమీది సందు బందుల దగ్గర మామూలుగానే ఉండి, గడియ వైపుకు పోయేకొద్దీ పెరుగుతోంది. ఈ నాలుగూ కలిస్తే తలుపు కింది బందును ఇరుసుగా చేసుకుని ముందుకు ఒరిగిందని అర్థం.

ఎంత ఒరిగిందో కూడా తేల్చవచ్చు. పై బందు రెండున్నర మిల్లీమీటర్లు ఊడి వచ్చిందనుకుంటే, దానికంటే పైన ఉన్న తలుపు మూల ఇంకాస్త ఎక్కువగా, దాదాపు 2.8 మిల్లీమీటర్లు, గడియ వైపు జరుగుతుంది. మూడు మిల్లీమీటర్ల సందు అక్కడితో అయిపోయినట్టే. రంగు పొర మందం కలిపితే ఒరుసుకోక తప్పదు. గడియ అంచు ఒకటిన్నర మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. గడియ రంధ్రంలోకి పోకుండా రేకు కింది అంచుకు తగిలేది అందుకే. నేలమీద కడప బండలు పరిచిన ఇళ్లలో ఈ దిగుడు కంటికి కనబడుతుంది. నల్లటి బండమీద తలుపు తిరిగిన దారంతా తెల్లటి చాపం గీసి ఉంటుంది. ఆ బండ సున్నపురాయి జాతిది, మెత్తన. తలుపు కింద ఇరుక్కున్న ఇసుక గింజ దానికంటే ఎన్నో రెట్లు గట్టిది. గీతలోని తెలుపు ఆ రాయి పొడిదే.

తర్వాత చేతి పరీక్ష. తలుపును సగం తెరిచి, పిడి పట్టుకుని పైకి ఎత్తుతూ దించుతూ ఉండాలి. ఇంకొకరు పై బందును దగ్గరగా చూడాలి. బందు రేకు ద్వారబంధం మీద కదులుతుంటే, స్క్రూ తలలు లేచి పడుతుంటే, తప్పు స్క్రూలది. రేకులు రాయిలా ఉండి, మధ్యలో పిన్ను చుట్టూ ఉన్న ముడులు మాత్రం కటకటమంటూ ఆడుతుంటే బందే అరిగిపోయింది, దాన్ని మార్చాల్సిందే. ఏదీ కదలకుండా తలుపు మాత్రం ఒరుసుకుంటూ ఉంటే, చెక్కనో గోడనో చూడాలి.

చెక్క సంగతి ముందు. గాలిలో తేమ పాతిక శాతం దగ్గర ఉండే ఎండకాలంలో కలపలోని తేమ అయిదు శాతం దాకా దిగుతుంది. గాలి తేమ డెబ్బై అయిదు శాతానికి చేరి చాలా రోజులు అలాగే నిలిస్తే కలపలోది పద్నాలుగు దగ్గర ఆగుతుంది. ఇంటి లోపల ఈ ఊగిసలాట ఇంకాస్త తక్కువ. టేకు అడ్డకోతలో ఒక్కో శాతం తేమకు వెడల్పులో సుమారు 0.2 శాతం పెరుగుతుంది. పాత పలకల తలుపులో వెడల్పును నిర్ణయించేవి ముఖ్యంగా రెండు పక్కల నిలువు కొయ్యలు. మధ్య పలక గాడిలో వదులుగా ఉంటుంది కాబట్టి దాని ఉబ్బు అందులోనే సర్దుకుంటుంది. పది సెంటీమీటర్ల కొయ్యలు రెండు, ఆరు శాతం తేమ మార్పు అనుకుంటే, తలుపు రెండు మిల్లీమీటర్ల పైచిలుకు వెడల్పవుతుంది. పొడవులో మాత్రం కలప దాదాపు కదలదు. అందుకే ఉబ్బిన తలుపు ఒక మూల మాత్రమే కాదు, గడియ అంచు పొడుగునా బిగుసుకుంటుంది. తలమీది సందు ఎప్పటిలాగే సమానంగా ఉంటుంది. ప్లైవుడ్ తలుపు ఇంతగా ఉబ్బదు. దాని పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికి ఉండి, ఒకదాన్నొకటి పట్టి ఉంచుతాయి. రంగు వేయని కింది అంచు నీళ్లు తాగితే మాత్రం పొరలు విచ్చుకుంటాయి. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రీ పొంగి పాత కర్నూలును ముంచెత్తిన వరద లాంటిది వస్తే లెక్క వేరే. అలా నానిన తలుపును మరమ్మతు చేయడానికి ముందు నీడలో, గాలి తగిలేలా, వారాల తరబడి ఆరనివ్వాలి. తడిమీద కొలిచిన ఏ సందూ నిలవదు.

గోడ సంగతి ఈ సీమకు ప్రత్యేకం. కుందూ లోయలో, నంద్యాల నుంచి కోయిలకుంట్ల మీదుగా జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు, నేల నల్లరేగడి. వేసవిలో చేయి దూరేంత నెర్రెలు విచ్చుతుంది, వానకు నీళ్లు తాగి ఉబ్బుతుంది. పునాది లోతు చాలని ఇల్లు దాంతోపాటు లేచి దిగుతుంది. అది కూడా అంతటా ఒకేలా కాదు. వాన నీళ్లు నిలిచే మూల ఎక్కువ లేస్తుంది. అప్పుడు వాలేది తలుపు కాదు, ద్వారబంధమే నలుచదరం తప్పుతుంది. దీన్ని పట్టుకోవడానికి ఒక దారపు ముక్క చాలు. ద్వారబంధం లోపలి మూల నుంచి ఎదురు మూలకు దారం పట్టి కొలవాలి, తర్వాత రెండో జత మూలలు కొలవాలి. రెండు కొలతలూ సమానమైతే బంధం నలుచదరంగానే ఉంది. అయిదారు మిల్లీమీటర్లు తేడా వచ్చి, తలుపు పైమూల నుంచి గోడమీద ఏటవాలు పగులు కూడా కనిపిస్తే, స్క్రూలు బిగించి లాభం లేదు. ఇలాంటి నేలల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అడుగున ఉబ్బుగా ఉండే పొట్టి పైళ్ల పునాదిని రూపొందించింది. నేల ఉబ్బి కుంగే పైపొరను దాటి, తేమ మారని లోతులో ఆ పైళ్లు కాలు పెడతాయి. కట్టేసిన ఇంటికి అది ఇప్పుడు వేయలేం. గోడవారగా వాననీరు నిలవకుండా చూసి, రెండు మూడు కాలాలు గమనించి, అప్పుడు తలుపు పని పెట్టుకోవాలి.

కల్లూరు తలుపుకు మూలల కొలతలు సమానంగానే వచ్చాయి. పైకి ఎత్తితే పై బందు రేకు లేచి పడుతోంది. ఇక పని స్క్రూలతో మొదలవుతుంది.

మొదట తలుపు కింద గడియ వైపు మూలలో రెండు చెక్క ముక్కలు ఒకదానిమీద ఒకటి జార్చి, బరువు నేలమీద పడేలా చేయాలి. ఇది చేయకుండా స్క్రూ బిగిస్తే, ముప్పై కిలోలను స్క్రూ తలతో ఎత్తబోయినట్టే, మిగిలిన మరలు కూడా చెడతాయి. పై బందు స్క్రూలను ఒక్కొక్కటే తిప్పి చూడాలి. ఆగకుండా గిర్రున తిరుగుతున్న స్క్రూకు చెక్కలో పట్టు లేదు. దాని మర చుట్టూ ఉన్న నారలు పొడి అయిపోయాయి. దాన్ని బయటికి తీస్తే మరల్లో ఇరుక్కున్న ఎర్రటి పొడి కనబడుతుంది. ఒక్కోసారి స్క్రూ తుప్పు పట్టి, చుట్టూ చెక్కను నల్లగా మార్చి ఉంటుంది.

రంధ్రాన్ని మళ్లీ చెక్కతో నింపాలి. వెదురు పేళ్లు గానీ, అగ్గిపుల్లలు గానీ జిగురులో ముంచి, ఇక పట్టదు అనేదాకా దూర్చి, బయట మిగిలినది సమంగా కోసేయాలి. వెదురు మేలు. అగ్గిపుల్ల మెత్తటి కర్ర, స్క్రూ దిగగానే నలిగిపోతుంది. ఇంట్లో ఉండే తెల్ల జిగురు గది తలుపుకు చాలు, స్నానాలగదికి మాత్రం నీళ్లకు తట్టుకునే రకం తీసుకోవాలి. జిగురు పూర్తిగా గట్టిపడటానికి ఒక రోజు వదిలేయాలి. ఈ ఒక్క రోజు ఆగలేకే చాలా మరమ్మతులు నెల తిరక్కుండా ఊడొస్తాయి. మరునాడు ఎనిమిదో నంబరు స్క్రూకు మూడు మిల్లీమీటర్ల లోపు బిట్టుతో నడిమధ్యన సన్న రంధ్రం వేసి, మరలకు కొవ్వొత్తి మైనం రుద్ది, చేత్తోనే బిగించాలి. మెషీన్‌తో బిగిస్తే చివరి అరచుట్టులో కొత్త నారలు కూడా తెగిపోతాయి.

స్క్రూ ఎంత పొడవు ఉండాలి? అమెరికా పుస్తకాల్లో మూడంగుళాల స్క్రూ వేయమని ఉంటుంది. అక్కడ ద్వారబంధం వెనక గోడలో కూడా కర్రే ఉంటుంది, పొడవాటి స్క్రూ వెళ్లి అందులో నాటుకుంటుంది. మన గోడ ఇటుకది, రాతిది. ద్వారబంధాన్ని గోడకు పట్టి ఉంచేది పక్కన దిగేసిన ఇనుప హోల్డ్‌ఫాస్ట్‌లు. నాలుగంగుళాలకు రెండున్నర అంగుళాల కొయ్యలో తలుపు కూర్చునే గాడి పోగా స్క్రూకు దొరికే చెక్క యాభై మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే. కాబట్టి పాత పాతిక మిల్లీమీటర్ల స్క్రూ తీసి నలభై, నలభై అయిదు వేస్తే, ఇంతకుముందు ఎవరూ తాకని లోపలి చెక్కలో మర దిగుతుంది. అంతకు మించితే మొన సిమెంటుకు తగిలి, స్క్రూ అక్కడే ఆగి తిరుగుతుంది, లేదా తల విరిగిపోతుంది. స్క్రూ మందం కూడా బందు రంధ్రానికి సరిపడాలి. తల రేకుపైకి పొడుచుకొస్తే బందు పూర్తిగా మడవదు. తలుపు వేసి వదిలితే దానంతటదే తెరుచుకుంటుంటే ముందు ఆ స్క్రూ తలలను చూడాలి. ద్వారబంధం రాతిదో సిమెంటుదో అయితే చెక్క పేళ్ల వైద్యం పనికిరాదు. పాత చెక్క బిరడా తీసేసి కొత్తది దిగ్గొట్టాలి, లేదా ప్లాస్టిక్ ప్లగ్ వేయాలి.

పై బందు గట్టిపడింది. చెక్క ముక్కలు తీసేస్తే తలుపు లేచి నిలబడింది. పైమూల ఒరుసుకోవడం మానేసింది. కానీ గడియ ఇంకా రంధ్రం అడుగు అంచును రాస్తోంది. కొలిస్తే అంచు ఇంకా 0.7 మిల్లీమీటర్లు కిందే ఉంది. ఇది బందు ముడులు అరిగిన లోటు, ఏ స్క్రూ తిప్పినా తీరేది కాదు. ఇక్కడ మందం ముక్క పని చేస్తుంది.

మందం ముక్క కింది బందు వెనక పెట్టాలి. వాలింది పైన కదా, కింద పెట్టడమేమిటని అనిపిస్తుంది. కింది బందును గోడ నుంచి ఒక మిల్లీమీటరు బయటికి నెడితే, తలుపు ఈసారి పై బందును ఇరుసుగా చేసుకుని వెనక్కి తిరుగుతుంది, గడియ అంచు లేస్తుంది. ఎంత లేస్తుందంటే, తొంభైని నూట యాభైతో భాగిస్తే వచ్చేంత, అంటే మిల్లీమీటరుకు 0.6. పై బందు వెనక పెడితే ఇదే లెక్క తిరగబడి తలుపు ఇంకా వాలుతుంది. తొందరలో చాలామంది తడబడేది ఇక్కడే.

చాలా ఇళ్లలో ఇందుకు పెళ్లిపత్రిక అట్టే దొరుకుతుంది, తాత్కాలికంగా అది ఫరవాలేదు కూడా. అయితే అట్ట స్క్రూల కింద నలిగి, తడి తగిలితే మెత్తబడి, మందం పోగొట్టుకుంటుంది. వడ్రంగి దగ్గర పడి ఉండే సన్‌మైకా తుంపు మంచిది. దాని మందం ఒక మిల్లీమీటరు లేదా కాస్త తక్కువ, అది నలగదు, నీళ్లకు చెడదు. బందు రేకు సైజుకు కోసి, స్క్రూ రంధ్రాలు ముందే వేసి, కింది బందులో ద్వారబంధం వైపు స్క్రూలు తీసి, ముక్కను చొప్పించి మళ్లీ బిగించాలి. ఈలోపు తలుపు కింద చెక్క ముక్కలు ఉండి తీరాలి. ఒక్క ముక్కతో కల్లూరు తలుపు అంచు 0.6 లేచింది. అదే సమయంలో కింద గడియ వైపు సందు ఒక మిల్లీమీటరు పైగా తరిగింది. కాబట్టి కింద ఖాళీ సందు ఉన్నంతవరకే ఈ ఉపాయం. రెండో ముక్క పెట్టేముందు పోస్టుకార్డు మళ్లీ తిప్పి చూడాలి.

గడియ రేకు పని ఎప్పుడూ చివరే. ముందే రేకు రంధ్రాన్ని ఆకురాయితో సాగదీస్తే ఆ రోజుకు తలుపు పడుతుంది గానీ వాలు ఆగదు, రంధ్రం మాత్రం సాగుతూ పోతుంది. బందులు కుదిరాక గడియ నాలుకకు నూనెలో తడిపిన కుంకుమ కాస్త పూసి, తలుపు వేసి, పిడి తిప్పి తీస్తే రేకుమీద ఎర్రటి మచ్చ పడుతుంది. మచ్చ రంధ్రంలోనే పడితే ఇక ముట్టుకోనవసరం లేదు. అంచు మీద ఒక మిల్లీమీటరు పడితే, ఆ అంచునే చదును ఆకురాయితో ముందుకు తోస్తూ రాయాలి. రెండు మూడు మిల్లీమీటర్లు తప్పితే రాయడం వద్దు. అంతగా రాస్తే రేకు పలచబడుతుంది, లోపలి చెక్క గుంత అంచు కూడా అడ్డొస్తుంది. రేకు విప్పి, పాత స్క్రూ రంధ్రాలను జిగురు పేళ్లతో పూడ్చి, ఉలితో గుంత సాగదీసి, రేకును మచ్చ ఉన్న చోటికి జరపాలి. పాత రంధ్రాల పక్కనే కొత్తవి వేస్తే స్క్రూ జారి పాత దారిలోకే పోతుంది, పూడ్చడం అందుకే. మచ్చ రంధ్రానికి లోపలి వైపు పడి, తలుపును గట్టిగా నొక్కితే తప్ప గడియ దిగకపోతే, రేకును అడ్డంగా జరపాలి గానీ పైకీ కిందికీ కాదు. పైన నిలువు గడియ ఉన్న తలుపుకు కూడా ఇదే కుంకుమ పరీక్ష.

ఇంతా చేశాక కూడా గడియ అంచు పొడుగునా బిగుసుకుంటుంటే, అప్పుడే చిత్రిక. అది కూడా వానల నడుమ కాదు. సెప్టెంబరులో ఉబ్బిన అంచును సరిపడేలా తీసేస్తే, ఏప్రిల్‌లో చెక్క రెండు మిల్లీమీటర్లు ముడుచుకుని, సందులోంచి పక్కగది వెలుతురు కనబడుతుంది. ఉండబట్టలేనంత ఇబ్బందైతే, ఒరుసుకున్న చోట పెన్సిల్ గీత పెట్టుకుని గరుకు కాగితంతో పలచగా తీసి, మిగతాది పొడి రోజులకు వదిలేయాలి. చిత్రిక పట్టిన అంచుకు అదే రోజు రంగో వార్నిషో పూయాలి. పచ్చిగా వదిలిన చెక్క తలుపులో మిగతా భాగం కంటే తొందరగా తేమ తాగి, వచ్చే వానలకు ఆ అంచే ముందు ఉబ్బుతుంది.